నాలుగు పాత్రల చదువు: మా పాప వెనకబడిపోతుందా?

"సార్, మా పాప ఏడో తరగతి. క్లాసులో నలుగురేసి కూర్చుని ఒకరు ఊహించాలట, ఒకరు ప్రశ్న వేయాలట, ఒకరు అర్థంకానివి విప్పి చెప్పాలట, ఒకరు సారాంశం చెప్పాలట. మా పాపకి ఎప్పుడూ సారాంశమే. మిగతా పిల్లల కోసం తన టైం పోతోందేమో. దీని బదులు ట్యూషన్ పెట్టించనా?"

అమ్మా, టైం పోవడం లేదు. పాలిన్‌క్సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో ఈ పద్ధతిని ఏడో తరగతి పిల్లలతోనే పరీక్షించారు. మాటలు తడబడకుండా చదివేసినా విషయం పట్టుకోలేని పిల్లలు వాళ్లు. మీ పాప చదవడంలోనే తడబడుతుంటే మాత్రం ముందు ఆ సాధన కావాలి. ఒక పేజీ పైకి చదివించండి, తెలిసిపోతుంది.

మీరు అడగాల్సింది అడగలేదు. ఎప్పుడూ సారాంశమే ఎందుకు? ఇప్పుడు చాలాచోట్ల నాలుగు పాత్రలకు నాలుగు కార్డులు పంచేసి టీచర్ పక్కకు తప్పుకుంటున్నారు. ఈ మోజు మీద నాకు గట్టి అనుమానమే ఉంది. అసలు పద్ధతిలో టీచర్ ముందు తనే నాలుగూ చేసి చూపిస్తారు. తర్వాత ఒక్కో పేరాకు ఒక్కో పిల్ల నాయకత్వం తీసుకుని నాలుగూ నడిపిస్తుంది. పిల్లలకు పట్టు దొరికేకొద్దీ టీచర్ సాయం తగ్గిస్తారు. ఒకే కార్డు పట్టుకున్న పిల్ల తన వంతు వచ్చేదాకా వినదు.

ఉదాహరణకు ఈ పేరా చూడండి: "చెమట ఆవిరవుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే అది త్వరగా ఆవిరి కాదు." "చెమట ఏం లాగుతుంది?" అని అడిగితే జవాబు వాక్యంలోనే ఉంది, ఆలోచించక్కర్లేదు. "ఎండ అంతే ఉన్నా ఉక్క ఎందుకు పెరుగుతుంది?" అంటే రెండు వాక్యాలూ కలపాలి. రెండో వాక్యంలో "అది" అంటే తేమా, చెమటా? విప్పాల్సింది ఆ చిన్న మాటే. పిల్లలు పెద్ద పదాల దగ్గర ఆగుతారు గానీ ఇలాంటివి దాటేస్తారు. పేరా మళ్లీ అప్పజెబితే సారాంశం కాదు. "చెమట ఆరితేనే చల్లదనం, తేమ దానికి అడ్డు" అంటే చాలు. తర్వాత ఫ్యాన్ గాలి గురించి వస్తుందని ఊహిస్తే, కారణం కూడా చెప్పాలి.

ఒక మాట కటువుగానే చెబుతాను. పాప ఇంటికి రాగానే "నీ సారాంశం బాగుందన్నారా?" అని అడిగే అలవాటుంటే మానుకోండి. ఆ ప్రశ్నే పిల్లని ఒక కార్డుకు కట్టేస్తుంది. "ఇవాళ ఎక్కడ అర్థం కాలేదు? ఎవరు విప్పారు?" అనండి. ఏమీ లేదంటే కంగారు పడకండి, ఆ పాఠంలో ఒక పేరా మీరిద్దరూ కలిసి చదవండి. ఈసారి ప్రశ్న పాప వేయాలి, జవాబు మీరు చెప్పాలి.

ట్యూషన్ సంగతికొస్తే, అక్కడ టీచరే ప్రశ్నలు వేస్తే పాపకు జవాబులే వస్తాయి, ప్రశ్న వేయడం రాదు. ముందు స్కూల్లో టీచర్‌ని కలిసి, పేరా మారినప్పుడల్లా నాయకత్వం మార్చమని అడగండి. ఓ ఇరవై క్లాసులు అలా సాగనిచ్చి, పాప చూడని పేరా ఒకటిచ్చి వినండి. ప్రశ్న ఇంకా వాక్యంలోంచే ఎత్తి అడుగుతుంటే అప్పుడు ట్యూషన్ గురించి మాట్లాడుకుందాం.