కర్నూల్లో అద్దె ఫ్లాట్ హాల్లో పల్లె ఇల్లు చూపించాలి, చేతిలో పది వేలే. ఎలా?

ప్రశ్న: మేం నలుగురం కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కథ పత్తికొండ దగ్గర ఊళ్లో, పాత మట్టి మిద్దెలో జరుగుతుంది. అక్కడ షూటింగ్ కుదరలేదు. కర్నూల్లో డబుల్ బెడ్రూం ఫ్లాట్ హాలు మాత్రమే ఉంది. గోడకు మేకు కొట్టొద్దు, రంగు వేయొద్దు అని ఓనర్ షరతు. రోలు, చాట, బిందెలు తెచ్చి పెట్టినా ఫ్లాట్‌లాగే కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: రెండేళ్ల కింద మేమూ ఇదే గోతిలో పడ్డాం, అదీ ఇదే ఊళ్లో. మా హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మొదటి రోజు మా అవ్వ ఇంట్లోంచి ఆటో నిండా సామాన్లు తెచ్చి సర్ది, ఫోన్లో ఫొటో తీసి చూసుకుంటే పెళ్లి స్టేజీ పక్కన పెట్టే ‘పల్లెటూరు’ బొమ్మలా ఉంది. సామాన్లన్నీ నిజమైనవే. గోడ మాత్రం అబద్ధం చెప్తోంది.

మన మట్టి మిద్దె గోడ అడుగున్నర, రెండడుగుల మందం ఉంటుంది. గూట్లో దీపం పెడితే ఆ మందం కనిపిస్తుంది. మూలలు చేత్తో మెత్తినట్టు గుండ్రంగా ఉంటాయి. ఫ్లాట్ గోడ కత్తితో కోసినట్టు ఉంటుంది, పైగా నడుం ఎత్తులో స్విచ్ బోర్డు. అందుకే సామాన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గోడకు అడుగున్నర ముందు ఇంకో గోడ కట్టండి. మిగతా హాలును అసలు ముట్టుకోకండి.

కట్టే ముందు కెమెరా ఎక్కడ పెడతారో తేల్చుకోవాలి. మాది ఏపీఎస్‌సీ సెన్సర్ కెమెరా, 24 ఎంఎం లెన్స్. దానికి పదడుగుల దూరంలో సుమారు పదడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల ఎత్తు కనిపిస్తుంది. ఎనిమిది అడుగుల దూరంలో వెడల్పు ఎనిమిదికి కాస్త తక్కువ, ఎత్తు నాలుగున్నర. అంటే ఎనిమిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గోడ ఉంటే చాలు, కూర్చున్నవాళ్ల సీన్లన్నీ అందులోనే అయిపోతాయి. మా డైరెక్టర్ ‘ఒక్క వైడ్ షాట్, హాలంతా’ అని పట్టుబట్టాడు. ఆ ఒక్క షాట్‌కు ఇంకో ఐదు వేలవుతాయని కాగితం మీద రాసి చూపిస్తే మానుకున్నాడు. ఫోన్‌తో తీస్తే మెయిన్ కెమెరా ఇంకా వెడల్పుగా చూస్తుంది కాబట్టి 2ఎక్స్‌లో పెట్టుకుని లెక్క వేసుకోండి. నేల మీద చాక్‌పీసుతో కెమెరా చోటు గీసుకుని, ఆ తర్వాతే కట్టెలు కొనండి.

గోడ కోసం నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు చట్రాలు మూడు చేశాం. రెండు పక్కపక్కనే నిలబెడితే పెద్ద గోడ. మూడోది అడ్డంగా పెడితే మూల. రెండో చేతి సెంట్రింగ్ రీపర్లు 120 అడుగులు 1,400కు దొరికాయి. చట్రాలకు 84 అడుగులు పోతాయి, మిగతావి గూటికి, వెనక ఊతాలకు. కోరా గుడ్డ 14 మీటర్లు 700 అయింది. ఆ గుడ్డను ముక్కలు ముక్కలుగా ఒక్కో చట్రానికి బిగించకండి. పనాలు కలిపి కుట్టించి, రెండు చట్రాల మీదా ఒకే దుప్పటిలా లాగి బిగించాలి. లేకపోతే మధ్యలో నిలువు గీత పడుతుంది, దాన్ని మట్టి కూడా దాచలేదు. మూల దగ్గర గుడ్డను కాస్త వదులుగా వదిలి, వెనక పాత గుడ్డలు కుక్కితే ఆ గుండ్రం దానంతటదే వస్తుంది.

మట్టి దగ్గరే మేం బాగా దెబ్బతిన్నాం. మొదట తోటలో ఎర్రమన్ను తెచ్చి, నీళ్లు కలిపి, నేరుగా మందంగా పూశాం. సాయంత్రానికి బ్రహ్మాండంగా ఉంది. పొద్దున చూస్తే చెరువు ఎండినట్టు పగుళ్లు. చట్రాన్ని రెండడుగులు జరిపితే పెళ్లలు రాలాయి. గుడ్డ నీళ్లు పీల్చి సాగుతుంది, మట్టి ఆరుతూ ముడుచుకుంటుంది. రెండూ చెరోవైపు లాగితే పగలక ఏం చేస్తుంది! రెండోసారి ముందు గుడ్డకు తెల్ల బంక ఒక వంతు, నీళ్లు ఆరు వంతులు కలిపి పూసి, పూర్తిగా ఆరనిచ్చాం. గుడ్డ డప్పులా బిగిసింది. ఆ తర్వాత జల్లించిన మట్టిలో జొన్న పొట్టు, కాస్త బంక కలిపి, దోసె పిండికన్నా పలుచగా, మూడు పూతలు వేశాం. ఒక పూత ఆరాకే ఇంకో పూత. చేత్తోనే పూయండి, బ్రష్ గీతలు కెమెరాలో తెలిసిపోతాయి. పైన సుద్దపొడిలో బంకనీళ్లు కలిపి తెల్లగా, కింద రెండడుగుల మేర ఎర్రమన్ను పట్టీ.

బంక ఎక్కువైతే గోడ మెరుస్తుంది. కంటికి తెలియదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను గోడకు పక్కవాటుగా పట్టుకోండి. తడిసినట్టు తళుక్కుమన్న చోటల్లా పొడి సుద్ద అద్దండి.

ఇంకో పని మర్చిపోకండి. గుడ్డ వెనక అట్టపెట్టెలు విప్పి అంటించాలి. మా మొదటి టేక్‌లో తాత పాత్రధారి గోడకు ఆనుకున్నాడు, రెండడుగుల మిద్దె గోడ కాస్తా చీరలా ఊగింది. అట్ట అంటించి, వెనక వాలు కట్టెలు పెట్టి, వాటి పాదాల మీద తలా నాలుగు ఇటుకలు పెట్టాక కదల్లేదు. ఆ అడుగున్నర సందులోనే స్విచ్ బోర్డు, వైర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అన్నీ దాక్కున్నాయి. గూడు కూడా ఉచితంగానే వచ్చింది. చట్రం మధ్యలో అడుగు వెడల్పున గుడ్డ కోసి, వెనక అట్టపెట్టె బిగించి, లోపల మట్టి పూస్తే అడుగు లోతు గూడు. దాని పైన మసి మాత్రం నిజం దీపంతో పట్టించకండి, గుడ్డ అంటుకుంటుంది. కాటుక వేళ్లకు రాసుకుని, కింద చిక్కగా, పైకి పోనుపోను పలుచగా పామితే చాలు. గూటి పక్కన మనిషి చెయ్యి ఆనించే చోట నూనె మరక కూడా పడాలి. ఎక్కడ పడుతుందని మా అవ్వను అడిగితే, లేచి నిలబడి చెయ్యి పెట్టి చూపించింది. నేననుకున్న చోటుకన్నా జానెడు కింద!

నేల సంగతి. మెరిసే టైల్స్ మీద ఈతచాప వేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు, చాప అంచు దాటగానే టైల్ గీత కనిపిస్తుంది. టార్పాలిన్ పరిచి, దాని మీద విప్పిన గోనె సంచులు ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా పరిచి, అదే మట్టి పలుచగా అలికాం. పదిహేను సంచులు, 300. పేడ కలుపుదామని సరదాపడకండి, రెండో రోజుకే పై ఫ్లాట్ ఆంటీ కిందికొచ్చింది. పొయ్యి బూడిద కలిపితే ఆ రంగు దాదాపు వచ్చేస్తుంది. పగుళ్లు ఇక్కడ కూడా వస్తాయి, కానీ నేల మీద అవి అందమే. అనుకోకుండా ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ఖాళీ హాల్లో మాట గోడలకు తగిలి గంగుమంటుంది. గోనె, మట్టి, అట్టలు వచ్చాక ఆ మోత బాగా తగ్గి, గొంతు మిద్దెలో మాట్లాడినట్టే వచ్చింది. సౌండ్ చూసే తమ్ముడు మాకు టీ కొనిచ్చాడు.

పైకప్పు జోలికి వెళ్లకండి. దూలాలు, దంతెలు, పైన చవుడు మన్ను, ఇవన్నీ మన బడ్జెట్‌కు అందవు. టెంట్ హౌస్ నుంచి సర్వీ కట్టెలు మూడు అద్దెకు తెచ్చి, మసిపూసి, చట్రాల పై అంచు నుంచి ముందుకు వచ్చేలా పెట్టాం. ముందు కొసలకు విడిగా గుంజలు కట్టాలి, చట్రాల మీదే బరువంతా వేస్తే ముందుకు తూలతాయి. ఫ్రేమ్ పై అంచులో కట్టె కొసలు కాస్త కనిపిస్తే, మిగతా కప్పును చూసేవాళ్లే కట్టుకుంటారు.

ఇంత చేసినా ట్యూబ్‌లైట్ వేస్తే అంతా వృథా. ఫ్లాట్‌లో తెల్ల గోడలు, తెల్ల సీలింగ్ వెలుగును గదంతా చిమ్ముతాయి, నీడే మిగలదు. మిద్దెలో వెలుగు తలుపు నుంచి ఒకవైపు, పైకప్పులో వదిలిన కంత, అంటే గవాచి నుంచి ఒక పట్టీ, అంతే. కిటికీ ఒక్కటే తెరిచి, కెమెరా వెనకున్న తెల్ల గోడకు నల్ల కంబళ్లు కప్పండి. దండేనికి వేలాడేసినా చాలు, గోడను ముట్టుకోనక్కర్లేదు. గవాచి కోసం ఎల్ఈడీ బల్బును లోతైన అట్టపెట్టెలో పెట్టి, అడుగున జానెడు చదరం కోసి, కట్టెల మధ్య పైనుంచి కట్టాం. పెట్టె వేడెక్కుతుందేమో ప్రతి అరగంటకూ చెయ్యి పెట్టి చూసేవాళ్లం. పక్క గదిలో సాంబ్రాణి వేసి ఆ పొగ వదిలితే పట్టీ కంటికి కనిపించింది. చుట్టూ అన్నీ గోనె, గుడ్డ, అట్టలే కాబట్టి నిప్పు హాల్లోకి రానివ్వలేదు, రెండు బకెట్ల నీళ్లు గుమ్మం దగ్గరే ఉంచాం.

ఇక సామాన్లు. తెచ్చినవాటిలో సగం వెనక్కి పంపేశాం. విసుర్రాయి, రెండు కడవలు, ఒక చాట, దండెం మీద బొంత, మూలన వేరుశనక్కాయల మూట, అంతే ఉంచాం. కొత్త కడవలైతే ముందురోజే నీళ్లు నింపి పెట్టండి, పొడి ఎరుపు పోయి చెమర్చిన నలుపు తిరుగుతుంది.

ఖర్చు రాస్తున్నా: కట్టె 1,400, గుడ్డ 700, బంక, సుద్ద 500, గోనె 300, ఆటో రానుపోను 900, బల్బు, హోల్డర్ 350, సర్వీ కట్టెలు 200, మేకులు, దారం వగైరా 250. మొత్తం 4,600. దీనికి పైన 1,500 తెలివితక్కువ ఖర్చు. చట్రం ఊగకుండా ఉంటుందని నేనే డబుల్ సైడ్ టేప్‌తో దాన్ని ఓనర్ గోడకు అంటించాను. తీసేటప్పుడు రంగు, పుట్టీ కలిపి అప్పడంలా ఊడొచ్చాయి. మేకు కొట్టొద్దన్నాడు కదా, టేప్ గురించి ఏమీ అనలేదు అని వాదించి చూశాను. అడ్వాన్స్‌లో పట్టుకున్నాడు. మీరు ఇటుకలతోనే సరిపెట్టుకోండి.

మొత్తానికి నాలుగు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు ఆరడానికే. వానాకాలంలో అయితే ఇంకో రెండు రోజులు కలుపుకోండి, పచ్చి మట్టి మీద షూట్ చేస్తే నటుల వీపులన్నీ ఎర్రబడతాయి. మీ హాలు కొలతలు, లెన్స్ ఏదో కింద రాస్తే చట్రాలు ఎన్ని కావాలో లెక్క చెప్తాను.