పరీక్ష ముందు రోజు రాత్రికి ఆటవెలది

ప్రశ్న: మా తమ్మునికి రేపట్నుంచి టెన్త్ పబ్లిక్, మాది అనంతపురం. నీతులు చెప్పకుండా, పనికొచ్చేట్టు ఒక చిన్న పద్యం రాసేదెట్లా?

ఆటవెలది పట్టుకోండి, వేమన పద్యాల వల్ల ఆ నడక మనోళ్ళకి చెవిలోనే ఉంటుంది. ఆ రాత్రి చెయ్యాల్సిన పనులే పెట్టి ఒకటి రాసినా:

పెన్ను రెండు పెట్టు, పెన్సిలూ పెట్టుకో
హాలు టికెటు కూడ అందులోనె
పదికి పుస్తకాలు పక్కన పెట్టేసి
ఫోను దాచి నిద్ర పోర అబ్బి

1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాల, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే గురువు లఘువు (పెన్ను), లేదంటే మూడు లఘువులు (పదికి), అంతే. ఇంద్రగణాలంటే పై పద్యంలో పెన్సిలూ, పక్కన, పెట్టేసి లాంటివి. యతి అంటే పాదం మొదటక్షరానికి నాలుగో గణం మొదటక్షరం కలవాల, పదికి-పక్కన, ఫోను-పోర అట్లా, హాలుకి అందు కూడా చెల్లుతుంది ఎందుకంటే హ, అ యతిమైత్రి ఉన్న అక్షరాలే.

ఎక్కువమంది తప్పేది ఇంగ్లీషు మాటల దగ్గరే, టికెట్ అని పొల్లుతో రాస్తే 'కెట్' గురువైపోయి గణం చెడుతుంది, అందుకే టికెటు అని రాసినా. చదివినప్పుడు యాడన్నా నాలుక తడబడితే అక్కడ గణం లెక్కేసుకోండి, చెల్లెలికైతే చివర 'పోవె అమ్మి' అన్నా సరిగ్గా సరిపోతుంది. 'కష్టపడితే ఫలితం' లాంటి పాదం మాత్రం వద్దు, ఆ రాత్రి వానికి కావాల్సింది హాల్ టికెట్ యాడుందో గుర్తు చేసే మాట.