చెడ్డవాడి కథకు సమీక్ష రాసేటప్పుడు

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మా శ్రావణీ,

నీ సమీక్ష చేరింది. ఆ నవల కూడా తెప్పించుకుని చదివాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండో పేరాలో "కథానాయకుడి మీద ఎక్కడా సానుభూతి కలగదు, అందుకే నవల విఫలమైంది" అన్నావు. చివర్లో "మొదలుపెట్టాక ఆపలేకపోయాను, తెల్లవారుజామున మూడింటికి పూర్తిచేశాను" అన్నావు. విఫలమైన నవల నిన్ను అంతసేపు ఎలా కూర్చోబెట్టిందో నీ సమీక్షలో ఎక్కడా లేదు. పాఠకులకు కావలసింది అదే.

కథానాయకుడు నచ్చకపోతే పుస్తకం నచ్చదనే మాట మన ఇంట్లోనే నిలవదు. గిరీశాన్ని తలుచుకో. 'కన్యాశుల్కం'లో అసలు నాయకుడు ఎవరన్న వాదన వేరే ఉంది, నన్నడిగితే మధురవాణికే ఓటేస్తాను. కానీ తెర లేవగానే మనకు కనిపించేది గిరీశమే. పూటకూళ్లమ్మకి సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి మధురవాణి మీద ఖర్చుపెట్టేశానని తనంతట తానే మనకు చెప్పేస్తాడు. ఆ ఒక్క మాటతో గురజాడ రెండు పనులు చేశారు. వీడి గుట్టు మన చేతికొచ్చింది, నాటకంలో చాలామందికి ఇంకా తెలియదు. ఒకావిడ డబ్బు కోసం వీణ్ణి వెతుక్కుంటూ రాబోతోందన్న ఎదురుచూపు కూడా మొదలైంది. అన్నట్టే ఆవిడ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికే వస్తుంది, వీడు మంచం కింద దూరతాడు.

తర్వాత అగ్నిహోత్రావధానుల ఇంట్లో బుచ్చమ్మ ముందు వీడు సంస్కర్త వేషం వేసినప్పుడు, ఆ ఇరవై రూపాయలు మన తలలో ఉంటాయి. ఆ అమ్మాయి నమ్ముతున్న కొద్దీ మనకు భయం పెరుగుతుంది. వీడి మాటలకు నవ్వుతూనే, వీడు ఎప్పుడు దొరికిపోతాడా అని చూస్తాం. వీడు మంచివాడని ఎవరూ అనుకోరు, అయినా పుస్తకం పక్కన పెట్టరు.

గిరీశానికి మాటకారితనం ఉంది కదా, ఆ సరదా వల్లే చదువుతాం అంటావేమో. అయితే రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య సంగతి చూడు. మాటకారి కాదు, తెలివైనవాడు కాదు, ధైర్యం మచ్చుకైనా లేదు. గుమాస్తా. బావమరిది కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తీసుకుంటాడు, ఆ తర్వాత ప్రతి అడుగులోనూ వణుకే. అతన్ని మెచ్చుకోవడానికి రచయిత మనకు ఒక్క కారణమూ ఇవ్వడు. ఆ భయాన్ని మాత్రం బయటి నుంచి కాకుండా సుబ్బయ్య తలలోంచి వినిపిస్తాడు. అప్పు ఏమవుతుందో, గవరయ్య ఏం చేస్తాడో అన్న టెన్షన్ మనదైపోతుంది. చూశావా, ఇక్కడ ఆకర్షణ పూర్తిగా తీసేసినా పట్టు మిగిలింది.

ఇప్పుడు నువ్వు సమీక్షించిన నవలకి రా. ఆదిభట్ల దగ్గర ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన బ్రోకరు కథ. మొదటి కొనుగోలుదారు ఆర్టీసీ కండక్టరు. అతనికి అగ్రిమెంటు కాగితం ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. నెల తర్వాత అదే ప్లాటు ఇంకొకరికి రిజిస్టర్ చేయించాడు. ఇదంతా మనకు మొదటి అధ్యాయంలోనే తెలుసు, కండక్టరుకి తెలియదు. అతను ఎప్పుడైనా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఈసీ తీయిస్తే రెండో అమ్మకం బయటపడుతుంది. పదకొండో అధ్యాయం దాకా నువ్వు పేజీలు తిప్పింది ఆ ఈసీ కోసమే. కండక్టరు ఫోన్ చేసిన ప్రతిసారీ బ్రోకరు ఎంత ప్రేమగా "అన్నా" అంటాడో గుర్తుందా? ఆ పిలుపు విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అది రచయిత నేర్పు. నీ సమీక్షలో ఆ ఫోన్ల ప్రస్తావనే లేదు.

అలాగని నవలలో లోపం లేదని కాదు. లోపం వేరేచోట ఉంది. పన్నెండో అధ్యాయం నుంచి కండక్టరు మాయమైపోతాడు. అతని స్థానంలో బ్రోకరు చిన్ననాటి పేదరికం, తండ్రి తాగుడు, ఫీజు కట్టలేక బడి మానేసిన రోజు, ఇలా ముప్పై పేజీలు వస్తాయి. రచయితకి వాడి మీద మనకు జాలి కలగదేమోనని భయం పట్టుకున్నట్టుంది. ఆ ముప్పై పేజీల్లోనే నవల సడలింది. వాడు చెడ్డవాడు కావడం వల్ల సడలలేదు, వాడి చెడ్డతనం వల్ల నష్టపోయిన మనిషిని కథలోంచి పంపేయడం వల్ల సడలింది. గురజాడ ఆ పని చేయలేదు. చివరిదాకా బుచ్చమ్మ ఏమవుతుందన్నది మన కళ్లముందే ఉంటుంది, ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు తేల్చేదాకా.

కాబట్టి ఇలాంటి పుస్తకం మీద రాసేటప్పుడు నేను మొదట నష్టపోయినవాళ్ల కోసం వెతుకుతాను. వాళ్లకు సొంత మాట, సొంత పని, సొంత కోపం ఉన్నాయా? లేక నాయకుడి గొప్పతనం చూపించడానికి వచ్చిపోతున్నారా? ఉంటే, నాయకుడు ఎంత నీచుడైనా రచయితకి విషయం తెలుసనే అర్థం. లేకపోతే ఆ మాట నిర్మొహమాటంగా రాయాలి, ఏ అధ్యాయంలో వాళ్లు కనుమరుగయ్యారో చెప్పి మరీ రాయాలి.

ఇంకో రెండు మాటలు మార్చు. "రచయిత మోసాన్ని సమర్థిస్తున్నారు" అన్నావు, దానికి ఆధారంగా బ్రోకరు తన మనసులో అనుకున్న వాక్యాన్ని ఇచ్చావు. పాత్ర తనను తాను సమర్థించుకోవడం పాత్ర పని. రచయిత మీద ఆ మాట అనాలంటే కథ నడిచిన తీరులోంచి చూపించాలి: మోసానికి ఏ పర్యవసానమూ రాకపోవడం, బాధితుణ్ణి వెక్కిరించడం, ఎదురు చెప్పే గొంతు లేకపోవడం లాంటివి. ఈ నవలలో అవేవీ లేవు. కాబట్టి ఆ వాక్యం తీసేయాలి, తప్పదు. ఒక మనిషి పేరు మీద అచ్చయ్యే నింద అది.

రెండోది, "సంక్లిష్టమైన పాత్ర" అన్న మాట. నాయకుడు నీకు నచ్చలేదు గానీ ఆ మాట అనడానికి మొహమాటపడి, దాని వెనక దాక్కున్నావు. వాడంటే నాకు అసహ్యం వేసింది అని రాయి. మీ నాన్న ఘట్‌కేసర్ ప్లాటు గొడవలో ఎంత నలిగాడో నాకు తెలుసు, వాడి మీద నీ కోపం ఎక్కడిదో కూడా తెలుసు. ప్లాటు పోగొట్టుకున్న ఇంట్లోవాళ్లు ఈ పుస్తకాన్ని మధ్యలో మూసేస్తే వాళ్లది తప్పు కాదు. కానీ అది నీ అనుభవంగా రాయి, పుస్తకం మీద తీర్పుగా రాయకు. రెండిటికీ వేర్వేరు వాక్యాలు పెడితే చదివేవాళ్లు తమ సంగతి తాము తేల్చుకుంటారు.

నేనైతే రెండో పేరా ఇలా మొదలుపెడతాను: "ఈ బ్రోకరంటే నాకు అసహ్యం వేసింది. అయినా కండక్టరు ఈసీ తీయించే రోజు కోసం రాత్రంతా చదివాను. ఆ రోజు వచ్చాక నవల కండక్టరుని మర్చిపోయింది." తర్వాత ఒక ఫోన్ సంభాషణ నాలుగు లైన్లు యథాతథంగా ఇవ్వు, చిన్ననాటి ఘట్టంలోంచి నాలుగు లైన్లు ఇవ్వు. తేడా వాళ్లకే తెలుస్తుంది, నువ్వు గట్టిగా అనాల్సిన పని ఉండదు. ఆఖరి అధ్యాయంలో బ్రోకరుకి ఏమైందో మాత్రం బయటపెట్టకు, ఇప్పుడున్న సమీక్షలో అది తేలిపోతోంది.

సంపాదకుడు ఆరు వందల పదాలు అడిగాడన్నావు కదా, కథ చెప్పడానికి నూటయాభై దాటనివ్వకు. తిరగరాసింది ఆదివారం లోపు పంపితే చూసి పెడతాను.

నీ బాబాయ్