లిసేను హైస్కూలు చేయకండి

చిరంజీవికి ఆశీస్సులు.

మీరు పంపిన కథల ఇంగ్లిష్ అనువాదాన్ని ఫ్రెంచి మూలంతో పక్కపక్కన పెట్టుకుని చదివాను. వాక్యాన్ని సాఫీగా నడిపించే చెయ్యి మీకుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను. ఈ ఉత్తరం రాయిస్తున్నది తొమ్మిదో పుటలోని ఒక్క వాక్యం. 1978 జూలైలో, లియోన్ నగరంలో, బట్టల మిల్లులో పనిచేసే ఒక తల్లి, లిసే అనే పై తరగతుల బడి గేటుకు అతికించిన ఫలితాల జాబితాలో కొడుకు పేరు చూసుకుని అక్కడే మెట్ల మీద కూలబడి ఏడుస్తుంది. మూలంలో ఆ కుర్రవాడు 'సి' శ్రేణి బాక్‌ను 'మాన్సియోఁ బియెన్'తో సాధించాడు. మీ ఇంగ్లిష్‌లో మాత్రం 'ప్లస్ టూ'ను 'డిస్టింక్షన్'తో పాసయ్యాడు. ఏటా లక్షలాదిమంది పాసయ్యే పరీక్షకు ఈమె ఇంతగా ఏడవడమెందుకని మీ పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు.

ఆ ఏడుపుకు కారణమంతా ఆ పదంలోనే ఉంది. బాక్, అంటే బకలోరియా, 1808లో నెపోలియన్ కాలపు శాసనంతో పుట్టింది. బడి చదువును ముగించే పరీక్ష అదే, విశ్వవిద్యాలయపు మొదటి పట్టా కూడా అదే. అది చేతిలో ఉంటే విశ్వవిద్యాలయంలో చేరే హక్కు వస్తుంది. 1978 నాటికి ఫ్రాన్సులో ఆ ఈడు పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి మాత్రమే బాక్ దక్కేది. అందులోనూ 'సి' శ్రేణి అంటే గణితం, భౌతికశాస్త్రం. ఇంజనీరింగ్ బడుల వైపు దారి తీసేది, అందరికంటే గౌరవం పొందేది అదే. ఇక 'బియెన్' అంటే ఇరవైకి సగటున పద్నాలుగు. వెయ్యికి తొమ్మిది వందల ఎనభై వచ్చినా బాధపడే ఇళ్లలో పెరిగిన మనకు డెబ్బై శాతం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పది వస్తే గట్టెక్కినట్టు భావించే చోట పద్నాలుగు చాలా పెద్ద మాట. అందువల్ల అంకెను మార్చి రాయడం కూడా ప్రమాదమే. 'ఆనర్స్‌తో' అని సాధారణంగా చెప్పి ఊరుకోవడం మేలు.

పరాయి వ్యవస్థకు చెందిన మాట ఎదురైనప్పుడు దాన్ని అలాగే ఉంచాలా, వివరించాలా, మరో మాటతో మార్చాలా అని మీరు అడిగారు. నా పట్టుదల ఒక్కటే: ఒక దేశపు సంస్థ పేరును ఇంకో దేశపు సంస్థ పేరుతో మార్చకండి. 'ప్లస్ టూ' అంటే ఆ కుర్రవాడు లియోన్ వదిలి హైదరాబాదు వచ్చేస్తాడు. 'ఎ లెవెల్స్' అంటే ఇంగ్లండులోని లీడ్స్‌కు పోతాడు. పైగా ఎ లెవెల్స్‌లో ఒక్కో విషయానికి విడిగా గ్రేడు ఇస్తారే తప్ప మొత్తానికి పాసు, ఫెయిలు అన్నది లేదు. బాక్‌లో అన్నీ కలిసి ఒకే సగటు. సగటు ఎనిమిదికి, పదికి నడుమ ఆగిపోయినవాడు కొద్దిరోజుల్లో మౌఖిక పరీక్షకు వెళ్లి గట్టెక్కే అవకాశం ఉంటుంది. మీ కథలో రెండో పాత్ర, ఆ పొరుగింటి పిల్ల, సరిగ్గా అలాంటి మౌఖిక పరీక్ష కోసమే మూడు రాత్రులు మేలుకుంటుంది. ఎ లెవెల్స్ అని రాస్తే ఆ మూడు రాత్రులకు అర్థమే ఉండదు.

ఏ దేశానికీ చెందని సాదా మాట అయితే మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. 'లిసే నుంచి తిరిగి వస్తూ రొట్టె కొన్నాడు' అన్నచోట 'స్కూల్' చాలు. అక్కడ కావలసింది దారి, రొట్టె. ఫలితాల జాబితా అతికించిన గేటు దగ్గర మాత్రం 'లిసే' అనే ఉండాలి. ఒకే మాటకు పుస్తకమంతా ఒకే రూపం ఉండాలన్న నియమాన్ని ఎవరు పెట్టారో నాకు తెలియదు, పాటించడం మాత్రం మానేశాను.

'హైస్కూల్' అన్న మాట మీద నాకు పాత కోపం ఉంది, దాచను. ఒకప్పుడు నేను అనువదించిన నవలలో ఒక సంపాదకుడు నన్ను అడగకుండానే ప్రతి 'లిసే'నూ 'హైస్కూల్' చేసి అచ్చువేశాడు. అందులోని కథానాయికకు ఇరవై ఏళ్లు. బాక్ అయిపోయాక, పెద్ద విద్యాసంస్థల ప్రవేశపరీక్షల కోసం పారిస్‌లోని ఒక లిసేలో నడిచే 'ప్రెపా' తరగతుల్లో చదువుతోంది. ఆ తరగతులు బాక్ తర్వాతివే అయినా లిసే భవనాల్లోనే జరుగుతాయి. అచ్చయిన పుస్తకంలో ఆ అమ్మాయి ఇరవయ్యో ఏట కూడా హైస్కూలు దాటని మందబుద్ధిగా మిగిలింది. ఒక సమీక్షకుడు మూల రచయితకు పాత్రల వయసులు గుర్తుండవని రాశాడు. సంపాదకుడు మాత్రం ఇంగ్లిష్ పాఠకుడికి పరాయి మాట గొంతులో అడ్డుపడుతుందని నాకు పాఠం చెప్పాడు. ఇంగ్లిష్ నిఘంటువుల్లో 'లిసే' ఎప్పుడో చేరిందని అతనికి తెలియదు కాబోలు.

తరగతుల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. పదకొండేళ్ల పిల్లలు 'కొలేజ్'లో చేరే తరగతి 'సిజియెమ్', అంటే ఆరవది. అక్కడి నుంచి లెక్క కిందికి దిగుతుంది. మూడవదైన 'త్రువాజియెమ్'తో కొలేజ్ ముగిసి, లిసేలో రెండు, ఒకటి, చివరిగా 'తెర్మినాల్' వస్తాయి. మీరు నాలుగో పుటలో 'త్రువాజియెమ్'ను 'థర్డ్ గ్రేడ్' అన్నారు. దాంతో సిగరెట్టు కాలుస్తున్న పద్నాలుగేళ్లవాడు ఎనిమిదేళ్ల పసివాడైపోయాడు. అమెరికా లెక్కతో సరిచూసుకోవాలంటే పన్నెండులోంచి ఫ్రెంచి అంకెను తీసేస్తే చాలు: మూడు అక్కడ తొమ్మిది, రెండు పది. ఈ లెక్క మీ పరిశీలనకే గానీ రాయడానికి కాదు. పుటలో 'అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు' అని రాస్తే సరిపోతుంది. ఇక 'కొలేజ్'ను 'కాలేజ్' అని ఉంచడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. అది నడిమి బడి.

వివరణ విషయానికి వస్తే, పుట అడుగున మీరు పెట్టిన పదకొండు సూచికలనూ తీసేయండి. ఏడుస్తున్న తల్లిని వదిలిపెట్టి పుట అడుగుకు వెళ్లిన పాఠకుడు తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుని ఉంటుంది. వివరణ వాక్యంలోనే, ఆ పదం మొదటిసారి వచ్చినచోటే, ఐదారు మాటల్లో ఇమడాలి. కథ మొదట్లో తండ్రి 'ఈ ఇంట్లో ఎవరికీ బాక్ లేదు' అంటాడు. అక్కడే 'విశ్వవిద్యాలయం తలుపు తెరిచే పరీక్ష' అన్న ఒక్క ముక్క చేర్చి, అటుపైన అన్నిచోట్లా 'ది బాక్' అని వదిలేయండి. తొమ్మిదో పుటకు వచ్చేసరికి ఆ మాట పాఠకుడి సొంతమై ఉంటుంది. 'బకలోరియేట్' అన్న ఇంగ్లిష్ రూపం సురక్షితమని మీరు రాశారు, నేను ఒప్పుకోను. అమెరికాలో దానికి డిగ్రీ పట్టా అనే అర్థం ఉంది. మిగతాచోట్ల చాలామందికి అది ఇంటర్నేషనల్ బకలోరియేట్‌ను గుర్తుచేస్తుంది. అచ్చంగా పరాయిదిగా కనిపించే 'బాక్' అలాంటి పొరపాటుకు చోటివ్వదు.

మీ రెండో కథలో 'పాండిచ్చేరి ప్రశ్నపత్రాలు' అన్న ప్రస్తావన అర్థంకాక వదిలేశారు, దాన్ని తిరిగి పెట్టండి. పాండిచ్చేరిలోని ఫ్రెంచి లిసేలో బాక్ పరీక్షలు ఫ్రాన్సులో కంటే ముందే జరిగేవి. అక్కడి ప్రశ్నలు చూసి, తమకు ఏం రావచ్చో ఊహించుకోవడం ఫ్రాన్సు విద్యార్థులకు అలవాటు. ఇదొక్కటీ వాక్యంలో ఒదగడం కష్టం. 'ముందే పరీక్ష రాసే పాండిచ్చేరి పిల్లల ప్రశ్నలు' అని ప్రయత్నించి చూడండి.

'పియోఁ'ను మీరు 'ప్యూన్' అన్నచోట నవ్వుకున్నాను. అతను బడిలో పిల్లల్ని అదుపులో ఉంచే కాపలాదారు, చాలావరకు ఖర్చుల కోసం ఆ పని చేసే విద్యార్థే. పద్నాలుగో పుటలో అతను సెలవు అడిగింది తన సొంత పరీక్ష రాయడానికి. ఆ పుటను మొదటి నుంచి మళ్లీ చేసి, తొమ్మిదో పుటతో కలిపి పంపండి.