యాడ్‌లో పాట ఎక్కడ, నిశ్శబ్దం ఎక్కడ?

"గుంటూరులో మా పచ్చళ్ల షాపుకి 30 సెకన్ల యాడ్ తీశాం. మొదటి నుంచి చివరిదాకా పాట పెట్టినా ఏదో వెలితి. సౌండ్ స్క్రిప్టులో ఎలా రాయాలి?"

పాటను తగ్గించండి. మొదటి పది సెకన్లు రోట్లో పండుమిర్చి నూరే చప్పుడు, వెనక సన్నగా బజారు సందడి అని రాసుకోండి. ముద్ద నోట్లో పెట్టగానే అన్నీ ఆపి 2 సెకన్ల నిశ్శబ్దం. అయితే ట్రాక్ పూర్తిగా ఖాళీ చేస్తే ఫోన్ పాడైందనుకుంటారు. షూటింగ్ రోజే అందరినీ కదలకుండా ఉంచి, ఆ గది శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసి, అక్కడ పరవండి. ఆ తర్వాతే సంగీతం, అదీ మధ్యలో కోసేసినట్టు కాకుండా, లోగోతో పాటే సహజంగా ముగిసే ట్రాకు. సినిమా పాటైతే ట్యూనుకీ, రికార్డింగుకీ విడివిడిగా అనుమతి కావాలి (మన బడ్జెట్లకు అయ్యే పని కాదు). ముందే తయారుచేసి అమ్మే లైబ్రరీ ట్రాకు కొన్నా లైసెన్సులో ప్రకటనల వాడకం ఉందో లేదో చూసుకోండి.