నాన్న పంపే గులాబీలో ఏముంది?

"మేడమ్, నా వయసు 38. హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మ పోయి మూడేళ్లయింది. నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు, తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. అన్నయ్య డాలస్‌లో. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాన్న, అత్తయ్య, బాబాయి రోజూ పొద్దున్నే గులాబీలు, దేవుళ్ల బొమ్మలు పెడతారు. ఒకరోజు ఫోన్ నిండిపోయి ఆఫీసు ఫైలు దిగలేదు. విసుగొచ్చి 'దయచేసి ఈ గుడ్ మార్నింగ్‌లు ఆపండి, పనికొచ్చేవి మాత్రమే పెట్టండి' అని గ్రూపులో రాశాను. ఆ రోజు నుంచి నాన్న అందులో ఏమీ పెట్టడం లేదు. ఫోన్ చేస్తే 'ఆ, బాగానే ఉన్నా' అని పెట్టేస్తున్నారు. ఒక పువ్వు బొమ్మకి ఇంత పట్టింపా? అసలు వీళ్లు ఇవి ఎందుకు పంపుతారు? రోజూ జవాబివ్వాలా?" – ఒక కూతురు, హైదరాబాద్

మీ నాన్నగారికి పట్టింపు పువ్వు మీద కాదమ్మా. తన అక్క, తన తమ్ముడు, మేనల్లుళ్లు అందరూ చూస్తుండగా కూతురు తనను మందలించింది. జీవితమంతా బడిలో పదిమందికి చెప్పిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో మీరు ఊహించగలరు. అదే మాట మీరు ఫోన్లో విడిగా చెప్పి ఉంటే, 'సరేలే తల్లీ' అని నవ్వి ఊరుకునేవారేమో.

ఇక ఎందుకు పంపుతారన్న ప్రశ్న. ముందు ఆయన పొద్దున్నే ఏం చేస్తారో ఒకసారి చూడండి. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇది చేసే తీరు దాదాపు ఒకటే. లేచి, కళ్లజోడు పెట్టుకుని, గ్యాలరీ తెరుస్తారు. సోమవారమైతే శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. శనివారం నాడు శుక్రవారం బొమ్మ పోతే వాళ్లకు నామోషీ. ఏకాదశికి వేరు, కార్తీక సోమవారానికి వేరు. నిన్న పెట్టిన గులాబీ ఇవాళ మళ్లీ పెట్టరు. అందుకే రేపటి కోసం నాలుగు బొమ్మలు దాచి ఉంచుకుంటారు. పైగా చాలాసార్లు చేతులు మారి వచ్చిన బొమ్మను, అంటే రెండు బాణాల గుర్తు ఉన్నదాన్ని, 2020 ఏప్రిల్ నుంచి వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే ఫార్వర్డ్ చేయనిస్తోంది. అలాంటి బొమ్మ పన్నెండు మందికి విడివిడిగా వెళ్లాలంటే పన్నెండుసార్లు పేర్లు వెతుక్కుని నొక్కాలి. మీకు అర సెకనులో కిందికి జరిగిపోయే బొమ్మ మీద ఆయన పావుగంట కూర్చున్నారన్నమాట.

ఆ పావుగంటలో ఆయన చెబుతున్నది ఇదీ: లేచాను, ఒంట్లో బాగానే ఉంది, మీరందరూ గుర్తున్నారు. ఇంతే. పూర్వం ఉత్తరాల్లో మొదటి వరుసలో 'ఉభయకుశలోపరి' అని రాసేవాళ్లు చూడండి, అలాంటిదే ఇది. ఆ వరుస చదివి ఎవరూ కొత్త సంగతి తెలుసుకోరు, కానీ అది లేకుండా ఉత్తరం మొదలయ్యేది కాదు. మనుషులు మాట్లాడుకునే మాటల్లో ఒక పెద్ద భాగం సమాచారం కోసం కాదని, బంధాన్ని నిలుపుకోవడం కోసమేనని మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే రాశారు. మన ఊళ్లలో 'ఏం, బయల్దేరావా?', 'కాఫీ అయిందా?' అని అడిగేవాళ్లకు జవాబుతో పనుండదు కదా.

మీ ఇంట్లో దీనికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అమ్మ ఉన్నప్పుడు మీకు ఫోన్ చేసేది ఎవరు? చాలా ఇళ్లల్లో అమ్మే చేస్తుంది, గంటసేపు మాట్లాడుతుంది, చివర్లో 'ఇదుగో, నాన్నతో మాట్లాడు' అని ఇస్తుంది. నాన్న 'ఏమ్మా, ఆఫీసు బాగుందా, పిల్లలు బాగున్నారా' అని తిరిగి అమ్మకే ఇచ్చేస్తాడు. ఆవిడ పోయాక ఫోన్ అందించే మనిషి లేదు. ఏ పనీ లేకుండా కూతురికి ఫోన్ చేయడం ఆయన తరం మగవాళ్లకు చేతకాదు. చేస్తే 'ఏం నాన్నా, ఏమైనా కావాలా?' అని మనమూ కంగారుగా అడుగుతాం. ఏమీ అక్కర్లేకుండా పలకరించడానికి ఆయనకు దొరికిన దారి ఆ బొమ్మ. అదీ మూసుకుపోయింది. ఆయన ముక్తసరిగా మాట్లాడుతున్నారంటే అలిగారనుకోకండి, ఏం మాట్లాడాలో తెలియడం లేదనే నేను అనుకుంటాను.

బొమ్మ పెట్టాక ఏం జరుగుతుందన్నది కూడా పిల్లలకు తెలియదు. గ్రూపులో పెట్టిన మెసేజ్‌కు నీలం టిక్కులు రావాలంటే సభ్యులందరూ చూడాలి. ఒక్కరు తెరవకపోయినా అవి బూడిదరంగులోనే ఉంటాయి. మెసేజ్ మీద నొక్కిపట్టి వివరాలు తెరిస్తే ఎవరెవరు చూశారో పేర్లు వస్తాయి. మామూలు చాట్‌లో ఈ నీలం టిక్కులు కనబడకుండా చేసుకోవచ్చు గానీ, గ్రూపులో కుదరదు. పెద్దవాళ్లు ఇది నేర్చుకున్నారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ జాబితా తెరిచి, అన్నయ్య చూశాడు, కోడలు చూసింది, చిన్నమ్మాయి ఇంకా చూడలేదు అని లెక్క చూసుకునేవాళ్లు నాకు తెలుసు. జవాబు రాకపోయినా ఆ పేరు కనిపిస్తే చాలు వాళ్లకు. మీ అన్నయ్యకు తెల్లవారుజామున నాన్న పెట్టిన 'శుభోదయం' అక్కడ ముందురోజు సాయంత్రం అందుతుంది. అది అర్థం లేనిదని ఆయన నవ్వుకోవచ్చు. కానీ కొడుకు ఇంటికి చేరాడని నాన్నకు తెలిసేది ఆ టిక్కుతోనే కావచ్చు.

అందరూ ఒకే ఉద్దేశంతో పంపరన్నది కూడా నిజం. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ అలవాటుగా పంపేవాళ్లున్నారు. వాళ్లకు మీరు ఒకరని కూడా గుర్తుండదు, పట్టించుకోనక్కర్లేదు. కొందరిది అందుకు పూర్తిగా వ్యతిరేకం. నా దగ్గరకు వచ్చిన ఒకావిడకు పొలం పంపకాల దగ్గర ఆడపడుచుతో మాటలు పోయాయి. పెళ్లిలో ఎదురుపడినా పలకరింపు లేదు. కానీ రోజూ ఆరింటికి ఆ ఆడపడుచు నుంచి విడిగా ఒక మందారం వచ్చేది, ఈవిడ ఒక నమస్కారం బొమ్మ పెట్టేది. రెండేళ్లపాటు మాట లేదు, బొమ్మ మాత్రం ఆగలేదు. ఆఖరికి ఒకరోజు మందారం రాకపోతే ఈవిడ ఉండబట్టలేక ఫోన్ చేసింది. ఆడపడుచు ఆసుపత్రిలో ఉంది. అక్కణ్నుంచి మాటలు కలిశాయి. పొలం తగాదా మాత్రం తీరలేదు, అది వేరే సంగతి.

ఇంకో రకం ఉంది, దాన్ని పువ్వుల్లో కలపకండి. పువ్వు పక్కన 'రెక్కలొచ్చాక పిల్లలకు గూడు గుర్తుండదు' లాంటి వాక్యాలు వరసగా వస్తున్నాయంటే, అది శుభోదయం కాదు. నోటితో అనలేని మాటను బొమ్మతో అంటున్నారు. గ్రూపులో అందరూ ఇది ఎవరిని ఉద్దేశించిందా అని తలపట్టుకుంటారు. అప్పుడు గ్రూపులో జవాబివ్వకుండా ఆ మనిషికి నేరుగా ఫోన్ చేయండి. అలాగే 'ఈ ఆకు రసం తాగితే షుగర్ పోతుంది' లాంటివి వస్తే ఊరుకోవద్దు. మందులు ఆపేసే ప్రమాదం ఉంది. అదీ విడిగానే, నెమ్మదిగా చెప్పాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. గ్రూపులో పెద్ద క్షమాపణ రాయకండి. పదిమంది మళ్లీ ఆ విషయం మీద పడతారు, ఆయనకు ఇంకా ఇబ్బంది. పొద్దున ఆయన లేచే వేళకు ఫోన్ చేయండి. 'నాన్నా, ఆ రోజు ఆఫీసు చిరాకులో రాశాను. మీ బొమ్మ రాకపోతే లేచారో లేదో తెలియడం లేదు. మళ్లీ పెట్టండి' అంటే చాలు. 'అబ్బే, నేనేం అనుకోలేదు' అంటారు. నమ్మినట్టే ఉండి వేరే మాటలోకి వెళ్లండి. రెండు మూడు రోజులు పెట్టకపోయినా గుర్తు చేయకండి. మళ్లీ మొదలుపెట్టిన రోజున గ్రూపులోనే, అందరికీ కనబడేలా, ఆ బొమ్మ కింద ఒక మాట రాయండి. మాట పోయింది అందరిముందు కాబట్టి తిరిగి రావాల్సిందీ అక్కడే.

రోజూ జవాబు అవసరం లేదు. గ్రూపు తెరిచి చూస్తే మీ పేరు ఆయనకు కనబడుతుంది, మామూలు రోజుల్లో అది సరిపోతుంది. వారంలో ఒకటి రెండుసార్లు మాత్రం బొటనవేలు గుర్తు బదులు ఒక ప్రశ్న పెట్టండి. 'ఇవాళ వాకింగ్‌కి వెళ్లారా?', 'మన పెరట్లో నందివర్ధనం పూసిందా?' అని. పెరట్లో పువ్వు ఫొటో తీసి పెట్టమని అడిగితే కొందరు ఎంతో ఇష్టంగా తీస్తారు, కొందరికి కెమెరా చికాకు. ఆయన ఏ రకమో మీకే తెలుస్తుంది.

మీ ఫోన్ ఇబ్బంది ఉత్తదేమీ కాదు. మన దేశంలో ఫోన్లు ఎందుకు మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు వెతికితే ఈ బొమ్మలే ఒక కారణంగా తేలాయని 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. కానీ దానికి మందు మీ ఫోన్లోనే ఉంది. వాట్సాప్‌లో Settings, అందులో Storage and data తెరిచి, ఫొటోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి. ఆండ్రాయిడ్ అయితే ఆ గ్రూపు వివరాల్లో Media visibility దగ్గర No పెడితే బొమ్మలు గ్యాలరీలో చేరవు. Manage storage లో ఆ గ్రూపు పేరు మీద ఎంత పేరుకుందో కనిపిస్తుంది, నెలకోసారి అక్కడే తీసేయొచ్చు. శబ్దం రాకుండా మ్యూట్ చేసుకోండి, అది ఆయనకు తెలియదు. మ్యూట్ చేసి అసలు తెరవడం మానేస్తే మాత్రం టిక్కుల్లో తెలిసిపోతుంది.

ఆయన మళ్లీ మొదలుపెట్టాక రెండు సంగతులు గమనిస్తూ ఉండండి. ఐదున్నరకు వచ్చే బొమ్మ తరచూ రాత్రి రెండింటికి, మూడింటికి వస్తోందంటే ఆయనకు నిద్ర పట్టడం లేదు. వారాల దేవుళ్లు తారుమారవుతున్నా, ఒకే బొమ్మ ఒకే పూట నాలుగుసార్లు వస్తున్నా, ఒకసారి జరిగితే పొరపాటు, పదే పదే జరిగితే డాక్టరుకు చూపించాలి. అలవాటు తప్పని మనిషి నుంచి తొమ్మిదింటికీ ఏమీ రాకపోతే ఫోన్ చేయండి, ఎత్తకపోతే పక్కింటివాళ్లకు చేయండి. వాళ్ల నంబరు మీ దగ్గర లేకపోతే ఇవాళే తీసుకోండి. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు ఆయన ఫోన్ కూడా చూడండి, మీదానికంటే ఎక్కువ నిండి ఉంటుంది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రేపటి కోసం దాచుకున్నవి ఏవో అడిగి, అవి ఉంచి మిగతావి తీసేయండి.