బులెటిన్‌లో లేనిది బ్రీఫ్‌లోకి వచ్చిందా? ఇలా పట్టుకో

తమ్ముడూ,

డెస్క్‌లో చేరగానే నీ చేతికి ఎక్కువగా వచ్చేవి వాతావరణ బులెటిన్లే. అర పేజీని మూడు వాక్యాలు చేయమంటారు. కుదించేటప్పుడు ఏం పోయిందో అందరూ చూస్తారు. కొత్తగా ఏం వచ్చి చేరిందో చూసేవాళ్లు తక్కువ. దాన్ని పట్టుకోవడం ఎలాగో చెబుతాను.

మచ్చుకి ఈ బులెటిన్ అనుకో: ‘ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం కొనసాగుతోంది. ఇది రానున్న 48 గంటల్లో వాయుగుండంగా బలపడే అవకాశం ఉంది. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో బుధవారం ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది. మత్స్యకారులు నైరుతి బంగాళాఖాతంలోకి వెళ్లవద్దని సూచన.’

దీన్ని కుదిస్తే వచ్చిన బ్రీఫ్ ఇది: ‘బంగాళాఖాతంలో వాయుగుండం. దీని ప్రభావంతో నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో 48 గంటలపాటు భారీ వర్షాలు. చేపల వేటపై నిషేధం.’

చదవడానికి బాగానే ఉంది. ఊళ్ల పేర్లు, అంకె, వాన, వేట అన్నీ బులెటిన్‌లో ఉన్నవే. చిక్కంతా అక్కడే. బులెటిన్ చదివి బ్రీఫ్ చూస్తే తెలిసిన మాటలే కనబడి కన్ను జారిపోతుంది. అందుకే వెనక నుంచి రావాలి. ముందు బ్రీఫ్‌ను ఒక్కో సంగతికి ఒక్కో చిన్న వాక్యంగా విడగొట్టు. తర్వాత ఒక్కోదానికీ బులెటిన్‌లో ఆధారం ఏ వాక్యమో వేలు పెట్టి చూపించు. వేలు ఆగని చోట గీత గియ్యి.

‘వాయుగుండం ఉంది’. వేలు ఎక్కడా ఆగదు. ఉన్నది అల్పపీడనం, వాయుగుండం కావడం ఇంకా అవకాశమే. గాలుల వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితేనే దాన్ని వాయుగుండం అంటారు. ‘అవకాశం’ అన్న మాట తీసేస్తే వాక్యం పొట్టిదవడమే కాదు, జరగనిది జరిగినట్టవుతుంది.

‘వర్షాలకు కారణం అదే’. ఇది అన్నిటికన్నా దొంగ చేర్పు. బులెటిన్‌లో రెండూ పక్కపక్కన ఉన్నాయి, అంతే. రెండు వాక్యాలను అతికించడానికి మనం వాడే జిగురే ‘దీని ప్రభావంతో’, ‘దీంతో’, ‘ఫలితంగా’, ‘అందుకే’. ఈ మాటలు కనబడగానే మూలంలో కూడా ఉన్నాయా అని వెతుకు. నిజంగా కారణం అదే అయి ఉండొచ్చు, నీకూ అలాగే అనిపించొచ్చు. కానీ బులెటిన్ చెప్పిందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న. బయటి నుంచి రూఢి చేసుకుంటే ఆ మాట ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో రాయి, బులెటిన్ పేరుతో కాదు.

‘వర్షాలు 48 గంటలు’. అంకె సరైనదే, ఇల్లు మారింది. అది వాయుగుండానికి పెట్టిన గడువు, వానకు చెప్పింది బుధవారం ఒక్కరోజే. కాబట్టి అంకె ఉందా అని కాదు, ఆ అంకె దేని గురించి అని చూడాలి. (బులెటిన్‌లో ‘రేపు’ అని ఉంటే మరీ జాగ్రత్త. పేపర్ రేపు చదువుతారు కాబట్టి మన ‘రేపు’ ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. వారం పేరు వేసెయ్.)

‘ఆ రెండు జిల్లాల్లో భారీ వర్షాలు’. ఇక్కడ చేర్చిందేమీ లేదు, తీసేశారు. అయినా కొత్త సంగతి పుట్టింది. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నది వాతావరణ శాఖ మాటవరసకు అనేది కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని దాని లెక్క. అది పోతే జిల్లా అంతా తడిసినట్టే. ‘భారీ’కీ లెక్క ఉంది: 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. ఊపు కోసం ‘కుండపోత’ అని మారిస్తే అదీ చేర్పే.

‘వేటపై నిషేధం’. మూలంలో ఉన్నది సూచన, అదీ నైరుతి బంగాళాఖాతానికే.

హెడ్డింగ్‌ను విడిగా చూడు. చాలాసార్లు దాన్ని బులెటిన్ చూసి కాక బ్రీఫ్ చూసి పెడతారు. అందుకని బ్రీఫ్‌లో దొర్లిన తప్పు అక్కడికెళ్లి ఇంకాస్త ముదురుతుంది. దాన్నీ బులెటిన్‌తోనే సరిచూడు.

అయితే ప్రతి తేడా తప్పు కాదు. ‘రానున్న 48 గంటల్లో’ను ‘రెండు రోజుల్లో’ అన్నా, ‘కురిసే అవకాశం’ను ‘పడొచ్చు’ అన్నా సంగతి మారదు. మాట మారినా వేలు ఆగుతుంది. వీటికి గీతలు గీస్తూ కూర్చుంటే ఎడిషన్ టైము దాటిపోతుంది.

సరిచేశాక బ్రీఫ్ ఇలా ఉంటుంది: ‘ఆగ్నేయ బంగాళాఖాతంలోని అల్పపీడనం రెండు రోజుల్లో వాయుగుండంగా మారొచ్చు. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో బుధవారం ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు పడొచ్చు. నైరుతి బంగాళాఖాతంలోకి వెళ్లొద్దని మత్స్యకారులకు సూచన.’ ముందుదానికన్నా ఒక లైను పెరుగుతుంది. ఆ లైనుకు చోటు పేజీ పెట్టేవాళ్లను అడిగి తీసుకో.